గోడలో చచ్చిన ఎలుక: కంపు ఎక్కడ తగులుతోందో అక్కడే ఎలుక ఉండదు

చలికాలం మొదలైందంటే మన గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అక్కా, ఇంట్లో ఎలుక చచ్చిన కంపు. ఇల్లంతా వెతికాం, ఎక్కడా కనబడలేదు. గోడలోనే ఉన్నట్టుంది. ఇప్పుడేం చెయ్యాలి?" ఈసారి శీర్షిక మొత్తం దానికే. అమెరికాలో మనం ఉండే ఇళ్ళ గోడలు ఇటుక గోడలు కావు. చెక్క నిలువు కమ్మీలకు రెండు వైపులా జిప్సం బోర్డు కొడతారు. దాన్నే అందరం డ్రైవాల్ అంటాం. మధ్యలో అంతా బోలు. ఆ బోలులో చిట్టెలుక తిరగగలదు, పడిపోగలదు, చావగలదు.

ఈ నెల రాయడానికి కారణం న్యూజెర్సీలో ఉండే ఒక చెల్లెలి ఇల్లు. బేస్‌మెంట్, దాని మీద హాలూ వంటిల్లూ, ఆ పైన బెడ్‌రూములు. ఐదు వారాల పసిబిడ్డ. పురిటికి గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంది. నవంబరు ఆఖరి శనివారం పై అంతస్తులో, బిడ్డ గదిలోని క్లాజెట్‌లో సన్నగా వాసన మొదలైంది. అమ్మ వెంటనే "ఇది ఎలుక చచ్చిన కంపే" అంది. మంగళవారానికి ఆ గదిలో నిలబడలేకపోయారు. చూడటానికి వచ్చిన పనివాడు క్లాజెట్ గోడ, సీలింగ్ రెండూ తెరవాలన్నాడు. మళ్ళీ మూసి రంగు వెయ్యడంతో కలిపి వెయ్యి డాలర్ల పైమాటే అన్నాడు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో డ్రైవాల్ కోస్తే లేచే దుమ్ము సంగతి వేరే చెప్పాలా?

చివరికి తేలింది ఏంటంటే ఎలుక ఆ గదిలోనే కాదు, ఆ అంతస్తులోనే లేదు. పనివాడు చెప్పిన చోట కోసి ఉంటే డబ్బూ పోయేది, కంపూ పోయేది కాదు.

ముందు ఇది ఎలుకేనా?

వెతకడానికి ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఎందుకంటే వీటిలో రెండు ప్రమాదకరమైనవి.

కుళ్ళిన కోడిగుడ్డు కంపు వస్తే అది వంటగ్యాసు కావచ్చు. గ్యాసుకు అసలు వాసన ఉండదు. లీకైతే తెలియాలని కావాలనే ఆ కంపు కలుపుతారు. అనుమానం వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్ళి, అక్కడి నుంచి గ్యాసు కంపెనీకి గానీ అత్యవసర నంబరుకు గానీ ఫోను చెయ్యాలి.

చేపల నీచు వాసనలాంటిది ప్లగ్ పాయింటు దగ్గరో స్విచ్ దగ్గరో వస్తుంటే, లోపల వైరు వేడెక్కి ప్లాస్టిక్ కాలుతుండొచ్చు. ఆ బ్రేకర్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చాలామంది దీన్ని చచ్చిన ఎలుక అనుకుని రోజుల తరబడి వదిలేస్తారు.

మూడోది డ్రైనేజీ కంపు. వాడకుండా వదిలేసిన గెస్ట్ బాత్రూములో సింకు కింద వంపు పైపులో నీళ్ళు ఆరిపోతే మురుగు గాలి లోపలికి వస్తుంది. ఆ సింకులో, షవర్‌లో ఒక్కో చెంబు నీళ్ళు పోసి గంట ఆగండి. కంపు తగ్గిందంటే ఇక ఎలుక కోసం వెతకక్కర్లేదు.

ఎలుక కంపు నడక వేరు. మొదటి రోజు కుళ్ళిన క్యాబేజీలా సన్నగా ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో తియ్యగా, కడుపులో తిప్పేలా ముదురుతుంది. కొన్నాళ్ళు అలాగే ఉండి మెల్లగా తగ్గుతుంది. రోజురోజుకూ పెరుగుతోందా, ఉన్నట్టే ఉందా అన్నది గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కంపు గాలితో పోతుంది

చలికాలంలో ఇంట్లో వేడి గాలి పైకి పోతూ పై అంతస్తు సందుల్లోంచి, అటక మీంచి బయటికి వెళ్తుంటుంది. దాని స్థానంలో కింద నుంచి, బేస్‌మెంట్ నుంచి గాలి పైకి లాగబడుతుంది. అంటే మన ఇల్లే ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. గోడల బోలులో, ముఖ్యంగా నీళ్ళ పైపులు కింద నుంచి పైదాకా వెళ్ళే గోడలో, గాలి ఎప్పుడూ పైకే నడుస్తుంటుంది. కింద చచ్చిన ఎలుక వాసన కింద ఎవరికీ తెలియకపోవచ్చు. పైన గాలి బయటపడే సందు ఎక్కడుంటే అక్కడ గుప్పుమంటుంది. అందుకే చలికాలంలో కంపు పైన తగిలితే దాని కింద వెతకడం మొదలుపెట్టాలి.

దీనికి తోడు హీటర్ ఫ్యాను. అది నడుస్తున్నంతసేపూ ఒక గదిలోని గాలిని తీసుకెళ్ళి అన్ని గదుల్లో పంచుతుంది. ఫ్యాను తిరుగుతుండగా వెతికితే ఇల్లంతా ఒకటే కంపులా ఉంటుంది.

కాబట్టి మొదటి పని గాలిని ఆపడం. ఆ చెల్లెలి ఇంట్లో బిడ్డనూ అమ్మనూ కింద హాల్లో వెచ్చగా కూర్చోబెట్టి, థర్మోస్టాట్‌లో హీటింగూ ఫ్యానూ రెండూ రెండు గంటలు ఆపించాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కూడా ఆపి అన్ని గదుల తలుపులు, క్లాజెట్ తలుపులు, సింకు కింద అల్మరా తలుపులు మూసేశారు. కదలిక లేకపోతే కంపు తన చుట్టుపక్కలే పేరుకుంటుంది.

రెండో పని ముక్కుకు విశ్రాంతి. అరగంట ఆ కంపులోనే ఉంటే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. అందుకని భార్యాభర్తలిద్దరూ అరగంట బయట నడిచి వచ్చారు. ఆ తర్వాత ఒక్కో తలుపు తెరిచి, మొదటి రెండు మూడు శ్వాసల్లో ఎంత గట్టిగా అనిపించిందో సున్నా నుంచి పది దాకా అంకె వేసి కాగితం మీద రాసుకున్నారు. ఇద్దరూ విడివిడిగా వేశారు, ఒకరిది ఒకరికి చూపించలేదు.

మూడోది ముక్కు ఎక్కడ పెట్టాలి అన్నది. గోడ మధ్యలో వాసన చూస్తే లాభం లేదు, రంగు వేసిన డ్రైవాల్ గుండా కంపు అంతగా రాదు. ప్లగ్ పాయింట్ల పలకల దగ్గర, నేల దగ్గర గోడకు కొట్టిన చెక్కపట్టీ సందుల్లో, సింకు కింద పైపులు గోడలోకి వెళ్ళే కన్నాల దగ్గర, సీలింగ్ లైటు చుట్టూ చూడాలి. రెండు చోట్ల సమానంగా అనిపిస్తే ఆ రెండింటి మీదా వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ ముక్క పెట్టి అంచుల చుట్టూ టేపు అతికించండి. రెండు గంటల తర్వాత ఒక మూల కొంచెం ఎత్తి వాసన చూస్తే ఏది అసలుదో తేలిపోతుంది.

ఆ ఇంట్లో ఏం దొరికింది

వాళ్ళు వేసుకున్న అంకెలు ఇలా వచ్చాయి. బిడ్డ గది క్లాజెట్ ఆరు. క్లాజెట్‌లో నేల దగ్గర కంటే పైన, బాత్రూమును ఆనుకున్న గోడ మూలలో ఎక్కువ. ఆ గోడకు అవతల ఉన్న పై బాత్రూములో సింకు అల్మరా తెరిస్తే ఏడు, పైపు కన్నం దగ్గర ఎనిమిది. అంటే కంపు గదిలోది కాదు, పైపులున్న గోడలోంచి వస్తోంది.

ఆ పైపులు కిందికి ఎక్కడికి వెళ్తాయి? హాలు పక్కన అతిథుల కోసం ఉండే చిన్న బాత్రూములోకి. ఆ గదిలో నిలబడితే పెద్దగా ఏమీ లేదు, రెండే. అందుకే ఎవరూ దాన్ని అనుమానించలేదు. సింకు కింద అల్మరా తలుపు తెరిచి తల లోపల పెట్టేసరికి ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. తొమ్మిది, పది. ఇంకా కిందికి, బేస్‌మెంట్‌లో అవే పైపులు సీలింగ్‌లోంచి దిగే చోట చూస్తే ఒకటి. కింద లేదు, పైన ఉంది. కాబట్టి ఎలుక ఈ రెంటికీ మధ్య, అంటే చిన్న బాత్రూము సింకు వెనక గోడలో ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతి ఉపయోగపడుతుంది. గోడ బోలులో చచ్చిన ఎలుక గాల్లో వేలాడదు. అడుగున అడ్డంగా ఉండే చెక్క మీద పడి ఉంటుంది. కాబట్టి లోపలి గోడల్లో ఎప్పుడూ నేలకు దగ్గరగానే చూడాలి. బయటి గోడల్లో అయితే దూదిలాంటి ఇన్సులేషన్ నింపి ఉంటుంది. అది అందులోనే ఏ ఎత్తులోనైనా ఇరుక్కుని ఉండొచ్చు.

గోడ కొయ్యడానికి ముందు కళ్ళతో చూడాలి. ఫోనుకు తగిలించుకునే సన్నటి తీగ కెమెరాలు దొరుకుతాయి, చివర చిన్న లైటు ఉంటుంది. వాళ్ళది ముప్పై డాలర్లకు వచ్చింది. సింకు పైపు గోడలోకి వెళ్ళే చోట గుండ్రటి లోహపు రింగు ఉంటుంది, కన్నాన్ని దాచడానికి. దాన్ని ముందుకు జరిపితే పైపు చుట్టూ ఖాళీ కనబడింది. ఏమీ డ్రిల్ చెయ్యకుండానే కెమెరా అందులోంచి కిందికి వెళ్ళింది. డ్రైన్ పైపుకు ఎడమ పక్కన, అడుగు చెక్క మీద, బూడిదరంగు బొచ్చూ తోకా కనబడ్డాయి.

తియ్యడం, శుభ్రం చెయ్యడం

కోత సింకు అల్మరా లోపలే పెట్టారు. ఇది గుర్తుంచుకోండి. అల్మరా లోపల, క్లాజెట్ లోపల, నేల దగ్గరి చెక్కపట్టీ వెనకాల కోస్తే బయటికి కనబడదు, గది రంగు జోలికి వెళ్ళక్కర్లేదు. ముందు ఆ గది బ్రేకర్ ఆపారు. గోడల్లో పైపులూ వైర్లూ ఉంటాయి కాబట్టి రంపం బ్లేడు లోతుగా దిగకూడదు. మామూలుగా డ్రైవాల్ అరంగుళం మందం ఉంటుంది. అంతకంటే కాస్త మాత్రమే దిగేలా బ్లేడుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నారు. అయిదంగుళాల ఎత్తు, ఏడంగుళాల వెడల్పు. చెయ్యి దూరడానికి అది చాలు. ప్లగ్ పాయింటుకు సరిగ్గా పైనా కిందా మాత్రం కొయ్యకండి, వైర్లు సాధారణంగా నిలువుగా అక్కడి నుంచే వెళ్తాయి.

మీ ఇల్లు 1978 కంటే ముందు కట్టినదైతే గోడ రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పాత గరుకు సీలింగుల్లో ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. అలాంటి ఇంట్లో పరీక్ష చేయించకుండా మీరు కొయ్యొద్దు. అద్దె ఇల్లయితే అసలే కొయ్యొద్దు. ఏ రోజు మొదలైంది, ఎక్కడ ఎక్కువ అన్నది రాసి ఓనరుకు మెసేజో ఈమెయిలో పెట్టండి. మీరు వేసుకున్న అంకెల కాగితం అక్కడ బాగా పనికొస్తుంది.

తీసేటప్పుడు పాటించాల్సిన పద్ధతి అమెరికా ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పేదే. ముందు కిటికీలూ తలుపులూ అరగంట తెరిచి ఉంచాలి. రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. ఎన్95 మాస్కు కూడా పెట్టుకుంటే మంచిది. ఒక గ్యాలన్ నీళ్ళలో ఒకటిన్నర కప్పుల బ్లీచ్ కలిపి, ఎలుక మీదా చుట్టుపక్కల పెంటికల మీదా బాగా తడిసేలా స్ప్రే చేసి ఐదు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే ఎత్తి, ఒక సంచిలో కట్టి, దాన్ని ఇంకో సంచిలో కట్టి బయటి చెత్తడబ్బాలో వెయ్యాలి. ఎండు పెంటికల్ని చీపురుతో ఊడవకండి, వ్యాక్యూమ్ పెట్టకండి. ఆ దుమ్ము గాల్లోకి లేవడమే అన్నిటికంటే చెడ్డది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్లు గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఈ పని జరిగేటప్పుడు పసిబిడ్డలూ గర్భిణులూ ఆ గదికి దూరంగా ఉండాలి.

ఎలుకను తీసేశాం, అయినా కంపు పోలేదు అని చాలామంది అంటారు. అసలు కంపు అది కారిన చెక్కలోకి ఇంకి ఉంటుంది. బ్లీచ్ క్రిములను చంపుతుంది కానీ చెక్కలో ఇంకినదాన్ని తియ్యలేదు. ఆ చోటు మంచినీళ్ళ గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఆ తర్వాత కుక్క, పిల్లి మూత్రం వాసనకు వాడే ఎంజైమ్ క్లీనర్ తడిసేలా వేసి, సీసా మీద రాసినంతసేపు వదిలెయ్యాలి. బ్లీచ్ ఉండగానే ఎంజైమ్ వేస్తే బ్లీచ్ దాన్ని పాడు చేస్తుంది, అందుకే మధ్యలో తుడవడం. ఆరాక కూడా మరక వాసన ఉంటే షెల్లాక్ ప్రైమర్ ఒక పూత వెయ్యండి, అది కంపును చెక్కలోనే బిగించేస్తుంది. ఇన్సులేషన్ తడిసి ఉంటే కడగలేం, ఆ ముక్క కోసి పారేసి కొత్తది పెట్టాల్సిందే.

కన్నాన్ని డ్రైవాల్‌తో మూయకుండా, హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లాస్టిక్ తలుపు పలక ఒకటి బిగించారు. రేపు పైపు లీకైనా అదే పనికొస్తుంది. పై క్లాజెట్‌లో కంపు ఆ రాత్రికే సగమైంది, మూడో రోజుకి లేదు. బట్టలన్నీ ఒకసారి ఉతికాక బిడ్డను మళ్ళీ ఆ గదిలో పడుకోబెట్టారు.

దొరకకపోతే

అన్నిసార్లూ ఇంత చక్కగా దొరకదు. ఇన్సులేషన్ నిండిన బయటి గోడలో ఉంటే కెమెరాకు దూది తప్ప ఏమీ కనబడదు. అప్పుడు లెక్క వేసుకోవాలి. చిట్టెలుక ఇరవై గ్రాముల ప్రాణి. వారం నుంచి రెండు వారాల్లో ఎండిపోయి కంపు పోతుంది. పెద్ద ఎలుకైతే మూడు నాలుగు వారాలు, తేమ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. చిట్టెలుక అని తెలిస్తే, చోటు తేలకపోతే, గోడలు చీల్చడం కంటే ఆగడమే మేలు.

ఆగే రోజుల్లో కంపున్న గది తలుపు మూసి, కిటికీలో ఫ్యాను గాలిని బయటికి నెట్టేలా పెట్టండి. గోడలోంచి వచ్చేది ఇల్లంతా పాకకుండా నేరుగా బయటికి పోతుంది. బొగ్గు సంచులు ఆ సందు పక్కనే పెడితే కొంచెం లాగుతాయి. సాంబ్రాణి, అగరొత్తులు, ఎయిర్ ఫ్రెషనర్ వేస్తే రెండు వాసనలూ కలిసి ఇంకా తిప్పుతాయి. పైగా ముక్కు చెడి వెతకడం కష్టమవుతుంది. ఓజోన్ యంత్రాలు అద్దెకిస్తామంటారు. మనుషులున్న ఇంట్లో అది ఊపిరితిత్తులకు చేటు, వద్దు.

మూసి ఉన్న ఇంట్లో ఉన్నట్టుండి కిటికీ దగ్గర మెరిసే పచ్చ ఈగలు పెద్దవి కనబడితే హడలిపోకండి. అవి ఆ శవం మీద పెరిగి బయటికొచ్చినవి. ఎలుక చచ్చి సుమారు రెండు మూడు వారాలైందని, కంపు తగ్గుముఖం పడుతుందని అర్థం. ఈగలు వెలుతురు వైపు పోతాయి కాబట్టి కిటికీని బట్టి చోటు చెప్పలేం. ఏ గదిలో ఎక్కువున్నాయో అది మాత్రం చూడండి.

గల్ఫ్ ఫ్లాట్లలో ఉన్న అక్కలకు ఒక మాట. మీ దగ్గర గోడలు గట్టివే, బోలంతా ఫాల్స్ సీలింగ్ పైన ఉంటుంది. ఏసీ గ్రిల్లులోంచి కంపు వస్తే గ్రిల్లు దగ్గరే ఎలుక ఉందనుకోకండి, చాలాచోట్ల ఏసీ ఆ సీలింగ్ పైనున్న గాలినే లాగుతుంది. ఏసీ రెండు గంటలు ఆపి, ఏసీ కోసం పెట్టిన చదరపు మూత తెరిచి టార్చి వేసి చూడమని బిల్డింగ్ మెయింటెనెన్స్ వాళ్ళకు చెప్పండి. జిప్సం బోర్డు మీద గోధుమరంగు మరక దిగి ఉంటే ముందు దానిపైన చూడమనండి.

మళ్ళీ రాకుండా

ఆ చెల్లెలి ఇంట్లో ఎలుక ఎలా చచ్చింది? నెల కిందట గ్యారేజీలో విషం ఎరలున్న డబ్బాలు పెట్టించారు. "విషం తిన్న ఎలుక నీళ్ళ కోసం బయటికి పోయి చస్తుంది" అని పెట్టినతను చెప్పాడట. అది నిజం కాదు. చాలా విషాలు వెంటనే చంపవు, పనిచెయ్యడానికి ఒకటి నుంచి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా నీరసపడ్డ ఎలుక తన గూటికే, అంటే మన గోడలోకే వస్తుంది. ఇంటి లోపల ఎలుకలకు స్ప్రింగు బోనులే మంచివి. చచ్చినది కళ్ళముందే ఉంటుంది, తీసి పారెయ్యొచ్చు.

వాళ్ళ ఇంట్లో బేస్‌మెంట్ నుంచి ఆ పైపు గోడలోకి వెళ్ళే కన్నం పైపుకంటే వేలెడు పెద్దది. పావంగుళం సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. ఆ సందులో రాగి తీగల మెష్ కూరి, పైన సీలెంట్ పెట్టారు. ఒక్క ఫోమ్ మాత్రమే పెడితే ఎలుకలు కొరికేస్తాయి, స్టీలు పీచు తేమకు తుప్పు పడుతుంది. మూసే ముందు వారం రోజులు బోనులు పెట్టి, ఏదీ పడటం లేదని తేలాకే మూశారు. తొందరపడి మూస్తే లోపల మిగిలినది బయటికి దారిలేక అక్కడే చస్తుంది, మళ్ళీ కథ మొదలు.